‘సంస్థ నియమాల ప్రకారం’: ఒక ఆఫర్ లెటర్ కేసు

ఆ ఆఫర్ లెటర్ నిడివి ఒకటిన్నర పేజీ. అందులో ‘సంస్థ నియమాల ప్రకారం’ అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఉద్యోగంలో చేరిన తొమ్మిదో వారంలో ఆ ఉద్యోగి యాజమాన్యానికి ఇచ్చిన ఫిర్యాదులోనూ నాలుగే అంశాలు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఫిర్యాదులోని ఒక్కో అంశం లేఖలోని ఆ ఒక్కో చోటికే వెళ్లి తగిలింది.

నన్ను పిలిచింది ఆ ఫిర్యాదు తేల్చడానికి. వెళ్లి చూస్తే ఆ లేఖ నమూనా ఆరేళ్ల కిందట నేను తయారుచేసి ఇచ్చినదే. అప్పట్లో సంస్థలో ముప్పై మంది ఉండేవారు. జీతంలో మూడే భాగాలు. నియమాలు ఏమిటో యజమాని స్వయంగా కొత్తవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేవారు. ఇప్పుడు అక్కడ నూట నలభై మంది ఉన్నారు, జీతం ఆరు భాగాలైంది, నమూనా మాత్రం అలాగే ఉంది. “మీరే కదండీ రాసిచ్చారు” అన్నారు యజమాని. కాదనడానికి లేదు.

సంస్థ చేసేది పరిశ్రమల్లోని యంత్రాలకు మరమ్మతు, నిర్వహణ. భర్తీ చేసింది సర్వీస్ మేనేజర్ ఉద్యోగం. చేరిన వ్యక్తికి పదిహేనేళ్ల అనుభవం ఉంది, పాత సంస్థలో అరవై రోజుల నోటీసు ఇవ్వాల్సి ఉంది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. జీతం అంకెలూ అసలువి కావు. ఏడాది మొత్తాన్ని 1,200 అనుకుని మిగతావన్నీ ఆ నిష్పత్తిలోకి కుదించాను.

రెండు సరైన లెక్కలు, రెండు వేర్వేరు జవాబులు

పాత లేఖలో జీతం గురించి ఉన్నది రెండే వాక్యాలు. “మీ వార్షిక సీటీసీ 1,200. ఇందులో 20 శాతం వేరియబుల్ పే, సంస్థ నియమాల ప్రకారం చెల్లించబడుతుంది.”

ఆయన వేసుకున్న లెక్క ఇది. 1,200లో 20 శాతం అంటే 240. అది పోతే 960. పన్నెండుతో భాగిస్తే నెలకు 80. అందులో పన్ను పోగా మిగిలింది చేతికి వస్తుంది. అనుమానం తీరక భర్తీ విభాగంలోని అమ్మాయిని అడిగితే ఆమె కూడా “పన్నుకు ముందు దాదాపు 80 వస్తుంది సార్” అని మెసేజ్ పెట్టింది. ఆ ధైర్యంతో ఆయన పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. మొదటి పూర్తి నెల జీతం చీటీలో పన్నుకు ముందు మిగిలింది 67.

లెక్కల విభాగం తప్పేమీ చేయలేదు. సీటీసీ అంటే ఆ ఉద్యోగి కోసం సంస్థ పెట్టే మొత్తం ఖర్చు, అదంతా జీతం కాదు. ఆ 1,200లో మూల వేతనం 480, అలవెన్సులు 384. ఈ రెండూ కలిపి 864, అంటే నెలకు 72. నెలనెలా జీతం చీటీలో మొదటి వరసలో కనిపించేది ఇదే. పదవీ విరమణ నిధికి సంస్థ జమచేసే వాటా ఏడాదికి 60, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది 24, బృంద ఆరోగ్య బీమా ప్రీమియం 12. వేరియబుల్ 240. అన్నీ కలిపితే 1,200. ఇక నెలకు వచ్చే 72 నుంచి పదవీ విరమణ నిధికి ఉద్యోగి వాటాగా మరో 5 కోత పడుతుంది. మిగిలేది 67.

అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య 13 తేడా. అది ఒకే రకం డబ్బు కాదన్నది ఇక్కడ గమనించాలి. అందులో 8 సంస్థ వాటా, గ్రాట్యుటీ, బీమాలవి. ఇవి ఎన్నటికీ నెల జీతంలోకి రావు. మిగతా 5 ఆయన జీతంలోదే, ఆయన పేరునే నిధిలో జమ అవుతుంది. ఫిర్యాదు పత్రంలో ఆయన ఈ రెంటినీ కలిపి ‘కోత’ అన్నారు. యాజమాన్యం ఇచ్చిన మొదటి జవాబులో రెంటినీ కలిపి ‘ప్రయోజనాలు’ అన్నారు. ఇలా ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అందకుండా మూడు వారాలు ఉత్తరాలు రాసుకున్నారు.

కొత్త లేఖలో జీతాన్ని లెక్కల పుస్తకం వరసలో రాయడం మానేశాను. డబ్బు ఉద్యోగికి ఎప్పుడు, ఎలా అందుతుందన్న వరసలో రాశాను. మొదట ప్రతి నెలా చెల్లించేది: 72, దాన్నుంచి తప్పనిసరిగా పోయే 5, పన్నుకు ముందు మిగిలే 67. ఈ మూడు అంకెలూ ఒకే వాక్యంలో ఉంటాయి. ఆ తర్వాత ఆయన పేరున జమ అయ్యేది, అంటే నిధికి సంస్థ వాటా. ఆ తర్వాత షరతు నెరవేరితేనే వచ్చేవి: వేరియబుల్, గ్రాట్యుటీ. చట్టం చెప్పినంత కాలం పనిచేసినవారికే గ్రాట్యుటీ అందే చోట, రెండేళ్లలో మానేసేవారికి ఆ 24 అంకె కాగితం మీదే ఉండిపోతుంది. దాన్ని జీతంలో కలిపి చూపిస్తే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు.

బీమా ప్రీమియాన్ని మొత్తం నుంచి తీసేసి విడిగా సౌకర్యంగా చూపిద్దామన్నాను. యజమాని ఒప్పుకోలేదు. “మిగతావాళ్లంతా కలిపి చూపిస్తుంటే మన అంకె ఒక్కటే చిన్నదిగా కనిపిస్తుంది” అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఉద్యోగం వెతుక్కునేవారు మొదట పోల్చుకునేది ఆ పెద్ద అంకెనే. చివరికి 1,200 అలాగే ఉంది. కాకపోతే జీతం గురించిన మొదటి వాక్యంలో 72 వస్తుంది, చివరి వాక్యంలో 1,200 వస్తుంది. నాకిది పూర్తిగా నచ్చిన పరిష్కారమేమీ కాదు.

వేరియబుల్ పే సంగతికి వస్తే, ‘చెల్లించబడుతుంది’ అన్న ఆ క్రియ నేను రాసిందే కనుక సిగ్గుపడే చెబుతున్నాను. ఎవరు చెల్లిస్తారో, ఏ నెలలో చెల్లిస్తారో, దేన్ని కొలిచి చెల్లిస్తారో అందులో లేదు. సంస్థ నియమం మాత్రం స్పష్టంగానే ఉంది: ఆరు నెలలకోసారి లెక్క, సగం సంస్థ లాభాన్ని బట్టి, సగం ఉద్యోగి లక్ష్యాలను బట్టి. ఆ నియమాల పుస్తకం ఉద్యోగి చేతికి వచ్చింది చేరిన రోజున. అప్పటికి పాత ఉద్యోగం పోయింది. కొత్త వాక్యం ఇలా ఉంది: “లక్ష్యాలు నూటికి నూరు శాతం నెరవేరితే ప్రతి అర్ధ సంవత్సరానికి 120. ఫలితాలను బట్టి ఇది 0 నుంచి 150 వరకు ఉండవచ్చు. అర్ధ సంవత్సరం ముగిసిన తర్వాతి రెండో నెల జీతంతో సంస్థ చెల్లిస్తుంది.” సున్నా అని రాయడానికి భర్తీ విభాగం చాలా ఇబ్బంది పడింది. కానీ సున్నా రావచ్చన్నది నిజమే అయితే, అది ఉద్యోగికి ముందుగా కనిపించాల్సింది ఆఫర్ లెటర్‌లోనే.

రెండు వారాలు వాయిదా పడిన తేదీ

లేఖలో చేరవలసిన తేదీ జూన్ 24. ఆయన మెయిల్‌లో ఇలా జవాబిచ్చారు: “ఆఫర్‌ను అంగీకరిస్తున్నాను. అయితే పాత సంస్థ విడుదల చేసేది జూలై మొదటి వారంలో కనుక జూలై 8న చేరతాను.” భర్తీ విభాగం “సరే సార్, స్వాగతం” అని రాసింది. అంతటితో అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

ఒప్పంద న్యాయం చూసే కళ్లతో చూస్తే, ఆయన రాసింది అంగీకారం కాదు. ఆఫర్‌లోని షరతును మార్చి ఇచ్చిన జవాబును చాలా దేశాల న్యాయం ఎదురు ప్రతిపాదనగానే చూస్తుంది. దానికి ‘సరే’ అన్నప్పుడు కుదిరింది కొత్త ఒప్పందం. ఆ కొత్త ఒప్పందంలో తేదీ కాక ఇంకేమేమి మారాయో ఎవరూ చూడలేదు.

మారింది ఇది. వేరియబుల్ నియమంలో ఒక చిన్న వాక్యం ఉంది: అర్ధ సంవత్సరం మొదటి రోజుకు ఉద్యోగంలో ఉన్నవారికే ఆ అర్ధ సంవత్సరపు వేరియబుల్ వర్తిస్తుంది. అర్ధ సంవత్సరం మొదలయ్యేది జూలై 1న. జూన్ 24న చేరితే ఆయన అర్హుడు. జూలై 8న చేరితే మళ్లీ జనవరి దాకా ఆగాలి. రెండు వారాల వాయిదాకు 120 పోయింది. ఆగస్టులో బృందంలో అందరికీ లక్ష్యాల పత్రాలు వచ్చి తనకు రానప్పుడు గానీ ఆయనకు ఆ విషయం తెలియలేదు. లేఖలో దీనికి ఆధారంగా ఉన్న వాక్యం “చేరిన తేదీ నుంచి అన్ని ప్రయోజనాలూ సంస్థ నియమాల ప్రకారం వర్తిస్తాయి” అన్నది. ఆయన దాన్ని ‘చేరిన తేదీ నుంచి వర్తిస్తాయి’ అని చదివారు. లెక్కల విభాగం ‘నియమాల ప్రకారం’ అని చదివింది. ఒకే వాక్యంలోని రెండు సగాలు.

చేరే తేదీకి వేలాడే విషయాలు మనం అనుకునేదానికంటే ఎక్కువ ఉంటాయి: ప్రొబేషన్ ముగింపు, సెలవుల లెక్క, బీమా మొదలు, జీతం పెంపు సమీక్షకు అర్హత, వేరియబుల్ కాలం. అందుకే ఇప్పుడు ఆ సంస్థలో మెయిల్‌లో ‘సరే’ అనడం లేదు. తేదీ ఒక్క రోజు మారినా లేఖ మళ్లీ జారీ అవుతుంది. పైన ‘రెండవ ప్రతి’ అని, జారీ చేసిన తేదీ, కింద ఒక వాక్యం: “ఇంతకుముందు ఇచ్చిన లేఖలు, మెయిళ్లు, మెసేజ్‌లు, మాటల స్థానంలో ఈ లేఖ వర్తిస్తుంది.” భర్తీ విభాగం పంపిన ‘దాదాపు 80’ లాంటి మెసేజ్‌లకు కూడా ఇదే జవాబు. అలాగని ఈ వాక్యాన్ని కవచంగా వాడుకుంటూ నోటితో ఏదైనా చెప్పవచ్చని అనుకోకూడదు. ఎదుటివారు నమ్మి రాజీనామా ఇచ్చే మాట తప్పుగా చెబితే, ఆ వాక్యం ఎంతవరకు కాపాడుతుందన్నది ఆయా చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది.

తేదీ దగ్గరే మరో రెండు తేదీలు కూడా కొత్త నమూనాలో చేరాయి. ఆఫర్ ఏ రోజు వరకు చెల్లుతుందన్నది ఒకటి. ఎంత ఆలస్యం వరకు సంస్థ ఆగుతుంది, ఆ తర్వాత ఆఫర్ ఏమవుతుంది అన్నది రెండోది. పాత లేఖలో ఇవి రెండూ లేవు. అంటే ఆయన సెప్టెంబరులో వచ్చి నిలబడినా ఏం చేయాలో లేఖ చెప్పదు.

ఎవరికి సంతృప్తికరం?

మూడో అంశం ఆయనను బాగా నొప్పించింది. “మీ నియామకం సంస్థ నియమాల ప్రకారం జరిగే ధ్రువీకరణ సంతృప్తికరంగా ఉండటానికి లోబడి ఉంటుంది” అని లేఖ. పాత ఉద్యోగ వివరాలు పరిశీలించే బయటి ఏజెన్సీ నివేదిక ఏడో వారంలో వచ్చింది. అంతకుముందు చేసిన ఒక ఉద్యోగం మార్చిలో ముగిసిందని ఆయన రాశారు, ఆ సంస్థ రికార్డులో జనవరి అని ఉంది. రెండు నెలల తేడా. నివేదిక మీద ఎర్ర గుర్తు పడింది. మానవ వనరుల విభాగం ఆయనను పిలిచి “దీనికి ఏం చెబుతారు?” అని అడిగింది. ఆ అడిగిన తీరే ఆయన ఫిర్యాదు రాయడానికి చివరి కారణమైంది.

విషయం చాలా చిన్నది. అప్పట్లో ఆయన రాజీనామా చేయగానే నోటీసు కాలమంతా విధులకు రావద్దని చెప్పి, జీతం మాత్రం ఇచ్చారు. విధుల నుంచి తప్పించిన తేదీ జనవరి, ఉద్యోగం ముగిసిన తేదీ మార్చి. ఆఖరి జీతం చీటీ చూపించారు, పది నిమిషాల్లో తేలిపోయింది. కానీ ‘సంతృప్తికరం’ అన్న మాట సంజాయిషీకి చోటు ఇవ్వలేదు, గడువు చెప్పలేదు, ఎవరు తృప్తిపడాలో చెప్పలేదు. యాజమాన్యం ఆ రోజు ఆయనను తీసేసి ఉంటే లేఖ అడ్డుపడేది కాదు.

షరతులను ఇప్పుడు రెండుగా విడదీశాం. ఒకటి, చేరే ముందే తేలాల్సినవి: విద్యార్హత, గుర్తింపు పత్రాలు, పని చేసే అనుమతి, వైద్య పరీక్ష అవసరమైన ఉద్యోగమైతే అది. వీటి ఫలితాన్ని సంస్థ పది పనిదినాల్లో రాతపూర్వకంగా చెబుతుంది. “ఆ ధ్రువీకరణ మీకు అందిన తర్వాతే ప్రస్తుత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి” అని లేఖలోనే ఉంది. ఈ వాక్యం వల్ల భర్తీ రెండు వారాలు ఆలస్యమవుతుందని విభాగాధిపతులు గొణుగుతున్నారు. ఆలస్యమవుతోంది కూడా. కానీ చేతిలో ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చిన మనిషిని షరతు పేరుతో వెనక్కి పంపే పరిస్థితి నాకు ఇంకా కష్టంగా తోస్తుంది.

రెండో రకం చేరిన తర్వాతే తేలగలవి. ప్రస్తుత యజమానిని ముందుగా సంప్రదిస్తే అభ్యర్థి వెళ్లిపోతున్న సంగతి బయటపడుతుంది కనుక ఆ పరిశీలన తర్వాతే జరగాలి. ఇక్కడ షరతును ఎంత ఇరుకుగా రాస్తే అంత మంచిది. ఇప్పుడు ఉన్న వాక్యం: “చదువు, పాత ఉద్యోగాల పేర్లు, హోదాలు, తేదీలు, జీతం విషయంలో మీరు తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే ఒప్పందాన్ని సంస్థ రద్దు చేయవచ్చు. అంతకుముందు తేడా ఏమిటో రాతలో తెలిపి, జవాబుకు ఐదు పనిదినాలు ఇస్తుంది.” ‘తెలిసి’ అన్న ఒక్క మాట చేర్చడానికి వకీలుతో అరగంట వాదన జరిగింది. ఆయన దృష్టిలో అది సంస్థ చేతులు కట్టేస్తుంది. అక్కడ కట్టాల్సిందేనన్నది నా అభిప్రాయం.

హోదా సంగతి క్లుప్తంగా

నాలుగోది పని గురించి. ఇంటర్వ్యూలో ఎనిమిది మంది బృందం అన్నారు. చేరాక నలుగురే ఉన్నారు, మిగతా నాలుగు ఖాళీలు. నెలలో పన్నెండు రోజులు ప్రయాణం. లేఖలో ఉన్నది “సర్వీస్ మేనేజర్‌గా, సంస్థ నియమాల ప్రకారం అప్పగించే ఇతర బాధ్యతలతో” అని మాత్రమే.

ఇక్కడ ఎక్కువ రాసినా చిక్కే. పనుల జాబితా అంతా లేఖలోకి ఎక్కిస్తే ఒక్క పని మారినా ఒప్పందం మారినట్లు వాదించవచ్చు. అందుకే లేఖలో ఐదు విషయాలే ఉంచాం: హోదా, ఎవరి కింద పని, ఎక్కడ పని, ప్రయాణం నెలకు గరిష్ఠంగా ఎన్ని రోజులు, మొదటి రోజున బృందంలో ఎందరు. వీటిలో ఏది మార్చాలన్నా ఉద్యోగి సంతకం కావాలి. రోజువారీ పనులు తేదీ వేసిన అరపేజీ జాబితాలో విడిగా జతచేశాం. వాటిని అదే స్థాయి పనులతో సంస్థ మార్చవచ్చని లేఖ చెబుతుంది. భవిష్యత్తులో బృందం పెరుగుతుందన్న ఆశ లేఖలో ఎక్కడా ఉండదు.

ఎలా తేలింది

యాజమాన్యం వకీలు మొదట్లో గట్టిగానే నిలబడదామన్నారు. రెండు అర్థాలు వచ్చే వాక్యాన్ని రాసినవారికి వ్యతిరేకంగా చదవడం చాలా న్యాయస్థానాల్లో ఉన్న పద్ధతేనని ఆయనే ఒప్పుకున్నాక మాట మెత్తబడింది. నెల జీతం పెంచలేదు. భర్తీ విభాగం మెసేజ్ ఉంది కనుక మూడు నెలల తేడా, అంటే 39, ఒకసారి ఇచ్చారు. వేరియబుల్‌కు జూలై 8 నుంచి అర్హత ఇచ్చారు. 184 రోజుల అర్ధ సంవత్సరంలో ఆయన ఉన్నది 177 రోజులు కనుక 120కి బదులు దాదాపు 115 ఆయన లక్ష్యపు మొత్తమైంది. ధ్రువీకరణ ముగిసిందని, దస్త్రంలో ఎలాంటి గుర్తూ ఉండదని రాసిచ్చారు. ప్రయాణం నెలకు పది రోజులకు పరిమితమైంది. ఆయన ఆ తర్వాత పదకొండు నెలలు పనిచేసి వేరే చోటికి వెళ్లారు. ఈ గొడవే కారణమా అని నేను అడగలేదు.

కొత్త నమూనా పంపడానికి ముందు ఒక పరీక్ష పెట్టాను. అభ్యర్థిని ఎన్నడూ చూడని ముగ్గురికి పాత లేఖను ఇచ్చాను: లెక్కల విభాగంలో ఒకరికి, ఒక బృంద నాయకుడికి, స్టోర్స్‌లో ఒకరికి. మొదటి పూర్తి నెల పన్నుకు ముందు చేతికి ఎంత వస్తుంది, మొదటి వేరియబుల్ ఏ నెలలో వస్తుంది, ఏ రోజు వరకు సంస్థ ఈ ఆఫర్‌ను వెనక్కి తీసుకోవచ్చు అని మూడే ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు 67, 80, 100 అని మూడు జవాబులు వచ్చాయి. మూడో ప్రశ్నకు ఇద్దరు ఖాళీ వదిలేశారు, ఒకరు ‘ఎప్పుడైనా’ అని రాశారు. కొత్త లేఖతో మొదటి రెండు ప్రశ్నలకు ముగ్గురూ ఒకే జవాబు ఇచ్చారు. మూడోదానికి ఇంకా ఒకరు తప్పారు. చేరే ముందు షరతులూ చేరిన తర్వాత షరతులూ ఒకే పేరాలో ఉండటమే అందుకు కారణమని తేలింది, విడదీసి రాశాం.

ఇప్పుడు ఆ లేఖ మూడు పేజీలు. ‘సంస్థ నియమాల ప్రకారం’ అన్న మాట అందులో ఒక్కసారే వస్తుంది, సెలవుల దగ్గర. ఆ పక్కనే నియమాల ప్రతి తేదీ ఉంటుంది, ఆ ప్రతి లేఖతో పాటే వెళుతుంది.